వాన సాక్ష్యం ఎక్కడిదాకా చెల్లుతుంది?

కరువొస్తే గొడవలు పెరుగుతాయని ఊళ్లో పెద్దవాళ్లు ఎవరినడిగినా చెబుతారు. ఆర్థికవేత్తకు మాత్రం ఆ మాట రుజువు చేయడం చాలా కష్టం. ఒక దేశంలో ఆదాయాలు పడిపోయాయి, అంతర్యుద్ధమూ నడుస్తోంది. ఆకలికి తట్టుకోలేక జనం తుపాకి పట్టారా, తుపాకుల మోతకు పొలాలూ దుకాణాలూ మూతపడి ఆదాయం పడిపోయిందా? లేక చేతగాని ప్రభుత్వం ఒకటి ఉండి, రెంటికీ అదే కారణమా? పక్కపక్కన పెట్టిన రెండు అంకెలు ఈ మూడింటిలో ఏది నిజమో చెప్పలేవు.

2004లో ఎడ్వర్డ్ మిగెల్, శంకర్ సత్యనాథ్, ఎర్నెస్ట్ సెర్జెంటి ఈ చిక్కు విప్పడానికి వానను పట్టుకున్నారు. వాన ఎవరి మాటా వినదు. అంతర్యుద్ధం జరుగుతోందని మేఘం ఆగదు, ప్రభుత్వం అసమర్థమైందని తిరిగి వెళ్లిపోదు. వర్షాధార సేద్యమే దిక్కయిన ఆఫ్రికా దేశాల్లో మాత్రం వాన తగ్గితే ఆదాయం తగ్గుతుంది. కాబట్టి ఆదాయంలో వచ్చిన హెచ్చుతగ్గులన్నీ కాకుండా, వాన వల్ల వచ్చినంత మేరకే విడదీసి, ఆ భాగానికీ అంతర్యుద్ధానికీ సంబంధం ఎంతో చూస్తే చాలన్నది వాళ్ల ఆలోచన. 41 ఆఫ్రికా దేశాల్లో 1981 నుంచి 1999 దాకా లెక్క తీశారు. ఆర్థిక వృద్ధి 5 శాతం పాయింట్లు పడిపోతే, మరుసటి ఏడాది అంతర్యుద్ధం జరిగే అవకాశం అంతకుముందున్న దానిలో సగం మేర పెరుగుతుందని తేలింది. ఆ పరిశోధన ఎంత పేరు తెచ్చుకుందంటే, ఆ తర్వాత ఆదాయానికీ హింసకూ మధ్య సంబంధం వెతికేవాళ్లు వాన లెక్కల పుస్తకాలే ముందు తెరిచారు.

ఇక్కడ వాన చేసిన పనిని అర్థశాస్త్రంలో ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్ అంటారు, పొట్టిగా ఇన్‌స్ట్రుమెంట్. అది నిలబడాలంటే వాన మన ఇష్టాయిష్టాలతో పనిలేకుండా కురవాలి. ఆ షరతు ఎలాగూ తీరింది. ఇంకో రెండు మిగిలాయి. వాన ఆదాయాన్ని నిజంగా కదిలించాలి. గొడవలను మాత్రం ఆదాయం అనే ఒక్క దారిలోనే తాకాలి, ఇంకే దొడ్డిదారీ ఉండకూడదు. ఆదాయాన్ని కదిలించిందో లేదో లెక్క తీసి చూపించవచ్చు. దొడ్డిదారి లేదని లెక్క తీసి చూపించే మార్గం మాత్రం మామూలుగా లేదు, నమ్మాలి, నమ్మించాలి. చాలా పరిశోధనల్లో ఈ నమ్మించే పని ఒక పేరాలో అయిపోతుంది. "వేరే దారి ఉండే అవకాశం తక్కువ" అని ఒక వాక్యం రాసి, రచయితలు పట్టికల్లోకి వెళ్లిపోతారు. ఆధారాలతో నిలబెట్టిన నమ్మకానికీ, పని నడవడం కోసం పెట్టుకున్న ఊహకూ తేడా చూడాల్సింది సరిగ్గా ఆ పేరాలోనే.

లెక్క లోపల ఏం జరుగుతుందో ఒకసారి చూస్తే ఆ పేరా మీద అంత పట్టుదల ఎందుకో తెలుస్తుంది. కింది అంకెలు నేను ఉదాహరణ కోసం వేసుకున్నవి. ఒక వర్షాధార జిల్లాలో వాన పదో వంతు తగ్గిందనుకోండి. ఆదాయం 2 శాతం తగ్గింది. గొడవ జరిగే అవకాశం నూటికి 10 నుంచి 11కి పెరిగింది, అంటే ఒక పాయింటు. ఇన్‌స్ట్రుమెంట్ పద్ధతి చేసేది, హంగులన్నీ తీసేస్తే, ఒక భాగహారం: గొడవల్లో వచ్చిన మార్పును ఆదాయంలో వచ్చిన మార్పుతో భాగించడం. 1ని 2తో భాగిస్తే 0.5. ఆదాయం ఒక శాతం తగ్గితే గొడవ అవకాశం అర పాయింటు పెరుగుతుందని పరిశోధకుడు రాస్తాడు.

ఇప్పుడు ఒక దొడ్డిదారి ఉందనుకుందాం. వానలు లేని రోజుల్లో జనం ఎక్కువగా వీధుల్లో ఉంటారు, ఊరేగింపులూ సభలూ సాఫీగా సాగుతాయి, చిన్న మాట పెద్దదవడానికి జనం పోగై ఉంటారు. పెరిగిన ఒక పాయింటులో 0.4 ఇలా వచ్చింది, ఆదాయం వల్ల వచ్చింది 0.6 మాత్రమే. అప్పుడు అసలు సమాధానం 0.3. పరిశోధకుడు రాసిన 0.5 తప్పే, కానీ ఘోరమైన తప్పు కాదు.

అదే లెక్కను వాన ఆదాయాన్ని అంతగా కదిలించని చోట వేయండి. అక్కడ ఆదాయం 0.2 శాతమే తగ్గింది. ఆదాయం దారిలో గొడవలకు చేరేది 0.06 పాయింటు. దొడ్డిదారి మాత్రం అలాగే ఉంది, 0.4. మొత్తం 0.46. దాన్ని 0.2తో భాగిస్తే 2.3! అసలు సమాధానం 0.3 అయితే కాగితం మీదికి ఎక్కింది 2.3. కింద ఉన్న అంకె చిన్నదయ్యే కొద్దీ పైనున్న చిన్న తప్పు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. అందుకే వాన ఆదాయాన్ని ఎంత గట్టిగా కదిలించిందో తెలిపే ఎఫ్ అనే అంకెను మొదట చూస్తారు. అది 10 దాటితే చాలని చాలాకాలం పాటు పరిశోధకులు ధీమాగా ఉన్నారు. 2022లో డేవిడ్ లీ, ఆయన సహ పరిశోధకులు కొత్త లెక్క వేసి, ఇన్‌స్ట్రుమెంట్ ఒక్కటే ఉన్నప్పుడు మామూలు 5 శాతం పరీక్ష మాట నిలబడాలంటే ఎఫ్ 104.7 దాటాలని చూపించారు. అయితే ఎఫ్ ఎంత పెద్దదైనా దొడ్డిదారి గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. గట్టి ఇన్‌స్ట్రుమెంట్ వేరు, నిజాయితీ గల ఇన్‌స్ట్రుమెంట్ వేరు. ఒక పరిశోధన పత్రం మొదటిదాన్ని పది పట్టికల్లో చూపించి రెండోదాన్ని ఒక వాక్యంలో దాటేస్తుంటే అనుమానించాల్సిందే.

మిగెల్ బృందం మీద ఆ నింద వేయలేం. దొడ్డిదారులను వాళ్లే వెతికారు. భారీ వర్షాలకు రోడ్లు కొట్టుకుపోతే సైన్యమైనా, తిరుగుబాటుదారులైనా కదలలేరు కదా, అలా వాన నేరుగా యుద్ధాన్ని ఆపుతుందేమో అన్న ప్రశ్న వేసుకుని, వానకూ వాడకంలో ఉన్న రోడ్ల పొడవుకూ సంబంధం ఉందా అని చూశారు. బలమైన సంబంధం కనిపించలేదు. ఇది మెచ్చుకోదగ్గ పని. కానీ ఇందులో ఒక పరిమితి ఉంది: రచయితకు తట్టిన దొడ్డిదారినే అతను మూయగలడు. తట్టనివి అలాగే తెరిచి ఉంటాయి.

దీనికి విరుగుడు మన దేశపు జిల్లాల లెక్కల్లోంచి వచ్చింది.

ఆఫ్రికా పద్ధతి ఇక్కడికి రావడానికి ఎంతోకాలం పట్టలేదు. 2010లో అంజలి బోల్కెన్, ఆఫ్రికా బృందంలోని సెర్జెంటి కలిసి 15 రాష్ట్రాల్లో 1982 నుంచి 1995 దాకా జరిగిన హిందూ ముస్లిం అల్లర్లను తీసుకుని, మళ్లీ వాననే ఇన్‌స్ట్రుమెంట్‌గా వాడి, వృద్ధి రేటు ఒక శాతం పెరిగితే అల్లర్ల సంఖ్య 5 శాతానికి పైగా తగ్గుతుందని లెక్క తేల్చారు. ఇదే ఇన్‌స్ట్రుమెంట్‌ను హెదర్ సార్సన్స్ అనే ఆర్థికవేత్త మరో వైపు నుంచి పట్టుకున్నారు. 2015లో అచ్చయిన ఆమె పరిశోధన దొడ్డిదారుల జాబితా రాయలేదు. అసలు దారినే మూసేసి, ఏం జరుగుతుందో చూసింది.

మూయడం ఎలా? ఆనకట్టలతో. ఈ సంగతి తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. అనంతపురంలో వేరుశనగ వేసిన రైతుకు తన చేలో పడ్డ చినుకే బతుకు. కృష్ణా డెల్టాలో వరి వేసిన రైతుకు తన ఊళ్లో ఎంత కురిసిందన్నది రెండో సంగతి. పడమటి కనుమల్లో ఎంత కురిసింది, ఆల్మట్టి నిండిందా, శ్రీశైలం, నాగార్జునసాగర్ దాటి ఎన్ని క్యూసెక్కులు వచ్చాయి అన్నదే మొదటిది. పెద్ద ఆనకట్ట దిగువన ఉన్న జిల్లాలో స్థానిక వానకూ స్థానిక ఆదాయానికీ మధ్య ముడి వదులవుతుంది. దేశంలో ఏయే జిల్లాలు ఆనకట్టల దిగువన ఉన్నాయన్న లెక్క అప్పటికే ఎస్తర్ డఫ్లో, రోహిణి పాండే 2007లో చేసిన పరిశోధనలో సిద్ధంగా ఉంది.

ఇక తర్కం సూటిగా సాగుతుంది. వాన గొడవలను ఆదాయం ద్వారానే తాకుతుందన్న మాట నిజమైతే, ఆదాయం వానకు స్పందించని జిల్లాల్లో వాన తగ్గినా గొడవలు పెరగకూడదు. మన ఉదాహరణ అంకెల్లో చెప్పాలంటే, దొడ్డిదారే లేకపోతే కాలువల జిల్లాలో కనిపించాల్సిన పెరుగుదల 0.06 పాయింటు, అంటే ఇంచుమించు సున్నా. సార్సన్స్‌కు కనిపించింది అది కాదు. ఆనకట్టల దిగువ జిల్లాల్లో ఆదాయం వానకు చాలా తక్కువగా స్పందించింది; ఆ ముక్క అనుకున్నట్టే వచ్చింది. కానీ వాన తగ్గితే అల్లర్లు జరిగే అవకాశం ఆ జిల్లాల్లోనూ మిగతా జిల్లాల్లో ఉన్నంత బలంగానే ఉంది. ఆదాయం దారి దాదాపు మూసేసినా వాన గొడవలను చేరుతూనే ఉంది. అంటే వేరే దారి ఉంది. అదేమిటో చూసేలోపే, "ఆదాయం ద్వారా మాత్రమే" అన్న మాట మాత్రం పడిపోయింది.

ఈ పరీక్షలో నాకు నచ్చేది దాని నిరాడంబరత. రచయిత వాదన ఎంత చక్కగా ఉందో అది అడగదు. ఇన్‌స్ట్రుమెంట్ పనిచేయకూడని చోటు ఒకటి వెతుక్కుని, అక్కడ కూడా ఫలితం కనిపిస్తోందా అని మాత్రమే అడుగుతుంది. ఏ పత్రం చదువుతున్నా పాఠకుడు వేసుకోదగ్గ ప్రశ్న ఇది: ఈ ఇన్‌స్ట్రుమెంట్ చెయ్యి అందని మనుషులో, ఊళ్లో, సంవత్సరాలో ఎక్కడైనా ఉన్నాయా? ఉంటే రచయిత అక్కడికి వెళ్లి చూశాడా? వెళ్లగలిగి ఉండీ వెళ్లకపోతే అది ఊరికే జరిగిన పొరపాటు అనుకోలేం.

అలాగని సార్సన్స్ పరీక్షను వేదవాక్కుగా తీసుకోకూడదు. దానికీ ఒక అడుగున ఊహ ఉంది: దిగువ జిల్లా తన చుట్టుపక్కల జిల్లాలతో సంబంధం లేకుండా ఒంటరిగా ఉందన్న ఊహ. వాస్తవంలో కరువు ఒక జిల్లా సరిహద్దు దగ్గర ఆగదు. పాలమూరులో వానలు పోతే కూలీలు ఇంట్లో కూర్చోరు, నీళ్లున్న ఆయకట్టు వైపు వలస వెళతారు. దిగువ జిల్లాలో సొంత రైతు ఆదాయం చెక్కు చెదరకపోయినా, అక్కడి కూలీకి పోటీ పెరుగుతుంది, కొత్తవాళ్లకూ పాతవాళ్లకూ మధ్య రాపిడి మొదలవుతుంది. ఎగువ జిల్లాలో ఆదాయం తగ్గడం వల్లే దిగువ జిల్లాలో గొడవ రేగిందంటే, ఆదాయానికి ఇందులో పాత్ర లేదని అనలేం. కానీ జిల్లాకు జిల్లా కట్టిన లెక్క ఆ పాత్రను సరిగా కొలవలేదన్నది మాత్రం మిగులుతుంది. కరువు సంవత్సరం బియ్యం ధర పెరిగితే డెల్టా పట్టణంలోని రిక్షా కార్మికుడికీ పెరుగుతుంది, అది ఇంకో దారి.

ఈ పట్టణం సంగతి తేలిగ్గా వదిలేయకూడదు. అశుతోష్ వార్ష్నీ, స్టీవెన్ విల్కిన్సన్ కూడబెట్టిన సమాచారం ప్రకారం 1950 నుంచి 1995 దాకా హిందూ ముస్లిం అల్లర్లలో చనిపోయినవారిలో పల్లెల వాటా 4 శాతం లోపే. దాదాపు సగం మరణాలు ఎనిమిది నగరాల్లోనే, వాటిలో హైదరాబాద్ ఒకటి. వాన దెబ్బ తగిలేది పొలానికి, కత్తులు దూసేది నగరంలో. ఈ రెంటి మధ్య ఎంత దూరముందో ఆలోచించండి. రైతు ఆదాయం తగ్గడం పాతబస్తీ గల్లీలోని గొడవగా మారాలంటే మధ్యలో ఎన్ని మెట్లు దాటాలి! అన్ని మెట్లలో ఒక్కటి కూడా వివరించకుండా వానను ఒక చివర, అల్లర్లను ఇంకో చివర పెట్టి గీత గీసే పత్రాన్ని, ఎఫ్ అంకె ఎంత ఘనంగా ఉన్నా, నేను నమ్మను. గణితం తెలియకపోయినా ఈ ప్రశ్న ఎవరైనా వేయవచ్చు. నిజానికి ఇన్‌స్ట్రుమెంట్ మంచిచెడ్డలు తేల్చడంలో సగం పని స్థల జ్ఞానానిదే: ఆ ఊరి పంట ఏది, నీళ్లు ఎక్కడివి, పని ఎక్కడ దొరుకుతుంది, గొడవ ఏ నెలలో మొదలైంది.

దొడ్డిదారి ఉందని తెలిసినా అన్నీ పోయినట్టు కాదు. అది ఏ వైపు లాగుతోందో చూడాలి. వాన లేని రోజుల్లో వీధుల్లో జనం ఎక్కువ ఉండటం గొడవలను పెంచుతుంది. ఆదాయం తగ్గడమూ పెంచుతుంది. రెండూ ఒకే వైపు లాగుతున్నాయి కాబట్టి పత్రంలోని అంకె అసలుకన్నా పెద్దదిగా వచ్చి ఉంటుంది. దొడ్డిదారి ఎదురు దిక్కుకు లాగుతుంటే, ఆ ఒక్క లోపం వల్ల అంకె అసలుకన్నా చిన్నదై ఉంటుంది. అప్పుడు "కనీసం ఇంత ఉంది" అనుకోవచ్చు. మంచి రచయిత ఈ మాట తానే చెబుతాడు.

వాన విషయంలో ఇంకో విచిత్రం ఉంది. దాన్ని ఆదాయానికే కాదు, వలసకూ, ఎన్నికల రోజు పోలింగ్ శాతానికీ, నిరసన సభకు వచ్చిన జనానికీ, పిల్లలు టీవీ ముందు గడిపే సమయానికీ కూడా ఇన్‌స్ట్రుమెంట్‌గా వాడేశారు. ఒక్కొక్క పత్రమూ విడిగా చదివితే సబబుగానే ఉంటుంది. అన్నిటినీ ఒకచోట పేర్చితే ఒకదాని మీద ఒకటి సాక్ష్యం చెబుతాయి. వాన వలసను మారుస్తుందని ఒకరు రుజువు చేస్తే, వాన ఆదాయం ద్వారానే పనిచేస్తుందన్న ఇంకొకరి మాటకు అది చిల్లు. జోనథన్ మెలన్ అనే రాజనీతి శాస్త్రవేత్త సరిగ్గా ఈ పనే చేసి, వాతావరణం తాకే దారులు దాదాపు రెండు వందలు లెక్కపెట్టాడు. ఇన్‌స్ట్రుమెంట్ ఎంత పాపులర్ అయితే అంత అనుమానించాలన్నమాట, వినడానికి ఎదురుమాటలా ఉన్నా.

అయితే వానే దోషి అనుకుంటే పొరపాటు. 2009 ఏప్రిల్ 15న అమెరికాలో టీ పార్టీ నిరసన సభలు జరిగాయి. ఆ ఒక్క రోజు వాన పడిన ఊళ్లలో జనం తక్కువ వచ్చారు. ఆ తేడాను వాడుకుని, సభకు వచ్చిన జనం తర్వాతి ఎన్నికల ఓట్లను మార్చారా అని ఆండ్రియాస్ మడెస్టమ్, ఆయన సహచరులు చూశారు. ఒక్క రోజు వాన పంటను మార్చదు, వలసను మార్చదు. ఆ ప్రాంతంలో ఆ రోజుల్లో మామూలుగా వాన పడే అవకాశం ఎంతో కూడా లెక్కలో కలుపుకున్నారు. ఇతర తేదీల వానతో ఇదే లెక్క వేసి, అలాంటి ఫలితం ఊరికే వచ్చేది కాదని చూపించారు. ఏడాది పొడవునా, దేశమంతటా కురిసిన వానకు వెళ్లడానికి వెయ్యి దారులున్నాయి. ఒక్క మధ్యాహ్నం కురిసిన వానకు దారులు చాలా తక్కువ. ఇన్‌స్ట్రుమెంట్ ఎంత ఇరుకుగా ఉంటే నమ్మకం అంత గట్టి. కాకపోతే అది జవాబివ్వగలిగే ప్రశ్న కూడా అంతే ఇరుకవుతుంది.

ఆఫ్రికా పత్రం దగ్గరికి మళ్లీ వస్తే, దానికి 2011లో ఇంకో వైపు నుంచి దెబ్బ తగిలింది. ఆంటోనియో చికోనే దొడ్డిదారుల జోలికి పోలేదు, వానను కొలిచిన తీరునే పట్టుకున్నాడు. మిగెల్ బృందం వాడింది ఏడాది వాన కాదు, అంతకుముందు ఏడాదితో పోలిస్తే వాన ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నది. వాన ఒక ఏడాది విపరీతంగా కురిస్తే మరుసటి ఏడాది మామూలు స్థాయికి వస్తుంది. లెక్కలో అది పెద్ద తగ్గుదలగా కనిపిస్తుంది, పొలంలో కరువేమీ ఉండదు. వాన మొత్తాలను విడిగా పెట్టి చూస్తే, గొడవలతో సంబంధం ఉన్నది గతేడాది వాన తక్కువ కావడానికి కాదు, రెండేళ్ల కిందట వాన ఎక్కువ కావడానికని అతను చూపించాడు. కరువు కథకు ఇది ఎదురు తిరిగిన ఫలితం. కొత్త సంవత్సరాల సమాచారం కలిపితే సంబంధమే కనిపించలేదన్నాడు. మిగెల్, సత్యనాథ్ ఊరుకోలేదు. ఆఫ్రికాలో 2000 తర్వాత వానకూ ఆర్థిక వృద్ధికీ మధ్య ముడే సడలిపోయిందని, అందువల్ల కొత్త సంవత్సరాలకు వాన ఇన్‌స్ట్రుమెంట్‌గా పనికిరాదని జవాబిచ్చారు.

ఆ జవాబులో న్యాయముంది. వాళ్ల పాత సంవత్సరాల ఫలితాన్ని కొత్త సంవత్సరాలు కొట్టేయలేవు, భాగహారంలో కింది అంకె సున్నాకు దగ్గరైపోయింది కాబట్టి. కానీ 1999 దాకా ఉన్న లెక్కను ఇవాళ్టి ఆఫ్రికా విధానాలకు ఆధారంగా చూపించేవాళ్లకు కూడా అదే జవాబు వర్తిస్తుంది.